48 ఫోన్లు, 384 పారామీటర్లు: తెలుగు కీబోర్డు మోడల్ ప్రాజెక్టు డైరీ

1వ వారం: ఏం కడుతున్నాం

తెలుగులో టైపు చేస్తుంటే కీబోర్డు పైన మూడు మాటలు సూచనగా వస్తాయి కదా, ఆ మోడల్‌ని జనం రాసుకునే మామూలు భాషకు దగ్గర చేయాలి. రాసిన మెసేజీలు మాత్రం ఫోను దాటకూడదు. ముందే ఒప్పుకుని సంతకం చేసిన 48 మంది ఫోన్లు ఉన్నాయి. గూగుల్ 2017 నుంచి జీబోర్డ్‌లో చేస్తున్న పని ఇదే. కాకపోతే వాళ్లకి ఫోన్లు లక్షల్లో దొరుకుతాయి, మనకి 48. ఈ డైరీ అంతా ఆ తేడాతోనే నడుస్తుంది.

పునాది మోడల్ తెలుగు వికీపీడియా మీద ముందే శిక్షణ పొందింది. దాని భాష ఎలా ఉంటుందో ఊహించవచ్చు. "గ్రామం" అని కొడితే "మండలానికి చెందిన" అంటుంది. "ఎక్కడ" అని కొడితే "ఉన్నావ్" అనడం దానికి తెలియదు. మాటల జాబితా పెట్టుకుంటే తెలుగులో పని జరగదు, ఎందుకంటే వస్తున్నా, వస్తున్నాను, వస్తున్నావా, వచ్చేస్తున్నాం అన్నీ వేర్వేరు మాటలైపోతాయి. అందుకే సెంటెన్స్‌పీస్‌తో 8,000 ముక్కల పదకోశం చేశాం. దాన్ని కూడా బయటి పాఠ్యం మీదే చేయాలి. ఫోన్లలోని మాటలతో పదకోశం తయారుచేస్తే, ఒకరి ఇంటిపేరు అందులో ఒక ముక్కగా కనిపించినా చాలు, రహస్యం బయటపడినట్టే.

మోడల్ లెక్క ఇది. 8,000 ముక్కలకు 96 చొప్పున ఎంబెడింగ్ 7,68,000. జీఆర్‌యూ పొర 2,71,872. 256 నుంచి 96కి దించే పొర 24,672. చివరి బయాస్ 8,000. మొత్తం 10,72,544 పారామీటర్లు, 32 బిట్ల సంఖ్యలుగా సుమారు 4.3 ఎంబీ.

పద్ధతి మామూలు ఫెడరేటెడ్ యావరేజింగే. సర్వర్ మోడల్ని పంపుతుంది. ఫోను ఛార్జింగులో, వైఫైలో, ఎవరూ వాడకుండా ఉన్నప్పుడు తన దగ్గరున్న పాఠ్యం మీద కొద్దిసేపు శిక్షణ ఇచ్చుకుంటుంది. కొత్త మోడల్‌లోంచి పాతదాన్ని తీసేసి, ఆ తేడాను మాత్రమే వెనక్కి పంపుతుంది. సర్వర్ తేడాలన్నిటినీ సగటు చేసి మోడల్‌కి కలుపుతుంది. అది ఒక రౌండు.

1వ వారం, చివర: తేడాలో ఏం కనబడుతుంది

డేటా ఫోనులోనే ఉంది కాబట్టి పని అయిపోయిందనుకునేవాళ్లకి ఈ పరీక్ష చూపించడం మంచిది. ఒక పరీక్ష ఫోనులో మేమే కల్పించిన పది వాక్యాలు పెట్టి, అది పంపిన తేడాలో చివరి బయాస్ ఒక్కటే తీసుకున్నాం.

```python
delta = new["out_bias"] - old["out_bias"]
top = delta.argsort(descending=True)[:10]
print([sp.id_to_piece(int(i)) for i in top])
```

బయాస్‌కి వచ్చే గ్రేడియంటు అంటే మోడల్ ఊహించిన సంభావ్యతలోంచి, నిజంగా టైపు చేసినదాన్ని తీసేయగా మిగిలేది. టైపు చేసిన ముక్కల బయాస్ పెరుగుతుంది, చేయనివాటిది కాస్త తగ్గుతుంది. కాబట్టి పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చితే చాలు, ఆ ఫోనులో రాసిన ముక్కలు పైకి తేలతాయి. వాక్యంలోని వరుస తెలియదు గానీ "మామ్మ", "ఆపరేషన్", "అమలాపురం" పక్కపక్కన కనబడితే వరుసతో పనేముంది? వేరే దాడి ప్రోగ్రామేమీ అక్కర్లేకుండా మూడు లైన్లలో ఇంత తెలిసింది. పొరలన్నిటి తేడాలూ చేతిలో ఉంటే అసలు పాఠ్యాన్నే తిరిగి కట్టే పద్ధతులు 2019 నుంచి ప్రచురణలో ఉన్నాయి.

కాబట్టి రెండు తాళాలు కావాలి. ఒక్కో ఫోను తేడాను సర్వర్ విడిగా చూడకూడదు. అందుకు సెక్యూర్ అగ్రిగేషన్. మొత్తాన్ని చూసినా ఒక మనిషి ఉన్నాడో లేడో తెలియకూడదు. అందుకు డిఫరెన్షియల్ ప్రైవసీ. మొదటిది ఉంటే రెండోది వద్దనడం కుదరదు. 47 మంది ఎప్పుడూ రాయని ముక్క బయాస్ మొత్తంలో పెరిగిందంటే, అది మిగిలిన ఒక్కరిదే.

2వ వారం: ట్రైనింగుకి ముందు కాగితం మీద లెక్క

డిఫరెన్షియల్ ప్రైవసీ ఇక్కడ రెండు పనులు చేస్తుంది. ప్రతి ఫోను పంపే తేడా మొత్తం పొడవు C దాటకుండా కుదిస్తుంది. అన్నీ కూడిన మొత్తానికి, ప్రతి పారామీటరు మీద z × C ప్రామాణిక విచలనంతో గాసియన్ నాయిస్ కలుపుతుంది. ఎవరైనా ఒకరు రాకపోతే మొత్తం మారేది ఎక్కువలో ఎక్కువ C మాత్రమే, నాయిస్ ఆ మార్పుని కప్పేస్తుంది.

48 మందే కాబట్టి ప్రతి రౌండులో అందర్నీ పిలవాల్సిందే. వేలమందిలోంచి కొందర్ని యాదృచ్ఛికంగా ఏరుకుంటే దొరికే అదనపు రక్షణ మనకి లేదు. దానివల్ల లెక్క మాత్రం సులువైంది:

```
rho = T / (2 * z^2)
epsilon = rho + 2 * sqrt(rho * ln(1/delta))
```

ఇందులో T రౌండ్ల సంఖ్య. ρ, ε రెండూ ఒక మనిషి గురించి ఎంత బయటపడవచ్చో చెప్పే హద్దులు, ఎంత చిన్నవైతే రక్షణ అంత గట్టిది. δ ఆ హద్దు తప్పే చిన్న అవకాశం. 20 రౌండ్లు, δ 10⁻⁵, ε 8 అని పెట్టుకుంటే ρ 1.05 వస్తుంది, z 3.09 కావాలి. ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ నాయిస్‌లో నేర్చుకునేది మిగులుతుందా?

సగటులో కలిసే నాయిస్ పొడవు సుమారు z × C × √d ÷ n. ఇందులో d పారామీటర్ల సంఖ్య, n ఫోన్ల సంఖ్య. C ని 1 అనుకుందాం. మొత్తం మోడల్ని శిక్షణకు పెడితే √d 1,036, కాబట్టి నాయిస్ 66.7. అందరి తేడాలూ ఒకే దిక్కుకి చూపినా సగటు సంకేతం 1 దాటదు. రౌండ్లు పెరిగేకొద్దీ సంకేతం రౌండ్ల లెక్కన పెరుగుతుంది, నాయిస్ వాటి వర్గమూలం లెక్కన మాత్రమే పెరుగుతుంది. ఆ మేలు కలుపుకున్నా 20 రౌండ్ల తర్వాత 20కి ఎదురుగా 298 నిలబడుతుంది. మోడల్ నేర్చుకోకపోవడం అటుంచి, వికీపీడియా నుంచి నేర్చుకున్నది కూడా పోతుంది. ఇదే మోడల్‌ని 6,500 ఫోన్లతో నడిపితే నాయిస్ అర యూనిట్ కూడా రాదు. జీబోర్డ్ స్పానిష్ మోడల్‌కి రౌండుకి 6,500 ఫోన్లు ఎందుకు వాడారో ఈ లెక్క ఒక్కటే చెప్పేస్తుంది.

n పెరగదు. z తగ్గిస్తే ε పేరుకే మిగులుతుంది. ఉదాహరణకి z ని 1 చేస్తే 20 రౌండ్లకి ε 31 దాటుతుంది. మిగిలింది d ఒక్కటే.

2వ వారం, కొనసాగింపు: d ని తగ్గించడం

మొదట 24,672 పారామీటర్ల దించే పొర ఒక్కటే కదిలిద్దామనుకున్నాం. నాయిస్ 10.1 వచ్చింది. చివరి బయాస్ ఒక్కటే అయితే 5.8. భాష ధోరణి మార్చడానికి బయాస్ చక్కగా పనికొస్తుంది, కానీ మనకది కూడా ఖరీదే.

చివరికి కుదిరింది లోరా. 256 నుంచి 96కి దించే పొర పక్కన ఇంకో సన్నటి దారి వేస్తాం: 256 నుంచి 4కి A, 4 నుంచి 96కి B. రెండూ శిక్షణకు పెడితే 1,408 పారామీటర్లు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఫోన్లు పంపిన A లను విడిగా, B లను విడిగా సగటు చేసి గుణిస్తే, ఆ వచ్చేది ఒక్కో ఫోను A×B ల సగటు కాదు. పైగా రెంటిలోనూ నాయిస్ ఉంటే గుణకారంలో నాయిస్ × నాయిస్ అనే పదం పుడుతుంది. అందుకే A ని మొదట్లోనే యాదృచ్ఛికంగా నింపి కదలకుండా బిగించేశాం. B సున్నాతో మొదలవుతుంది, అదొక్కటే నేర్చుకుంటుంది. అంటే 384 పారామీటర్లు.

√384 అంటే 19.6. నాయిస్ పొడవు 1.26. 20 రౌండ్ల తర్వాత సంకేతం గరిష్ఠంగా 20, నాయిస్ 5.6. ఇది మొదలుపెట్టదగ్గ లెక్క. 384 పారామీటర్లతో కొత్త మాటలేమీ రావు. ఇప్పటికే తెలిసిన ముక్కల్లో రాతభాష నుంచి మాటలాడే భాష వైపు తూకం జరుగుతుంది, అంతే. ఎవరి పిల్లల పేర్లు, ఎవరి ఊళ్ల పేర్లు వాళ్ల ఫోనులోని సొంత నిఘంటువులోనే ఉండిపోతాయి. ఉండాల్సింది అక్కడే.

3వ వారం: C ఎంత పెట్టాలి

పై లెక్కలో సంకేతం 1 అన్నది గరిష్ఠం. C 1 అయ్యుండి ఫోన్ల తేడాలు నిజానికి 0.1 పొడవే ఉంటే, అవి కుదింపుకి తగలవు, నాయిస్ మాత్రం 1కి తగ్గట్టే పడుతుంది. అంటే పరిస్థితి పది రెట్లు చెడుతుంది. C మరీ చిన్నదైతే అందరి తేడాలూ ఒకే పొడవుకి నలుగుతాయి. ఆ నష్టం దీనికంటే తక్కువ. తేడాల పొడవుల్లో మధ్యస్థం దగ్గర C పెట్టడం మంచి మొదలు.

ఆ మధ్యస్థాన్ని నిజమైన ఫోన్లనడిగి తెలుసుకోకూడదు, అడిగితే అదీ ఒక లీకే. వేలాది ఫోన్లుంటే ప్రతి ఫోనునీ "నీ తేడా C కన్నా చిన్నదా?" అని ఒక్క బిట్ అడిగి, దానికీ నాయిస్ కలిపి, C ని రౌండు రౌండుకీ సర్దుకోవచ్చు. 48 ఫోన్లతో ఆ బిట్‌కి కూడా బడ్జెట్ పెట్టడం దండగ. వికీపీడియా చర్చా పేజీల పాఠ్యాన్ని వాడుకరుల వారీగా విడగొట్టి, 48 నకిలీ ఫోన్లు చేసి, అక్కడ C, లెర్నింగ్ రేటు, ఎన్ని అడుగులు అన్నవి తేల్చాం. నిజమైన ఫోన్ల మీద "ఇంకోసారి వేరే రేటుతో చూద్దాం" అంటే అది ఇంకో 20 రౌండ్ల ఖర్చు.

ఇంకో జాగ్రత్త. ఎక్కువ రాసేవాళ్లకి ఎక్కువ తూకం ఇవ్వడం ఫెడరేటెడ్ యావరేజింగ్‌లో అలవాటు. ఇక్కడ వద్దు. వాట్సాప్‌లో రోజుకి మూడొందల మెసేజీలు కొట్టేవారికీ, వారానికి మూడు కొట్టేవారికీ ఒకటే తూకం. తూకం వేరైతే ఒక మనిషి వల్ల మారగలిగేది C దాటిపోతుంది.

3వ వారం, రాత్రి రౌండు: అన్నీ NaN

నకిలీ ఫోన్లతో ఏడో రౌండులో మొత్తమంతా NaN అయింది. కుదింపు కోడ్ ఇలా ఉంది:

```python
norm = torch.linalg.vector_norm(delta).item()
delta = delta * min(1.0, C / norm)
```

చూడ్డానికి తప్పేమీ లేదు. కానీ పైథాన్‌లో `min(1.0, float("nan"))` ఇచ్చేది 1.0. NaN తో ఏ పోలికైనా అబద్ధమే కాబట్టి మొదటిదే నిలుస్తుంది. ఒక ఫోనులో శిక్షణ పేలిపోతే దాని తేడా కుదింపుకి తగలకుండానే దాటిపోతుంది. పొడవు అనంతమైనా ఫలితం అంతే, అనంతాన్ని సున్నాతో గుణిస్తే మళ్లీ NaN. పొడవు సున్నా అయితే సున్నాతో భాగహారం.

మామూలు సర్వర్‌లో అయితే ఏ ఫోనో చూసి తీసేస్తాం. సెక్యూర్ అగ్రిగేషన్‌లో చూడలేం, చూడకపోవడమే దాని పని. కాబట్టి కాపలా ఫోనులోనే ఉండాలి:

```python
if not torch.isfinite(delta).all():
    delta = torch.zeros_like(delta)
norm = torch.linalg.vector_norm(delta).item()
delta = delta * min(1.0, C / max(norm, 1e-12))
```

సున్నాలు పంపడం ముఖ్యం. "నేను ఈ రౌండుకి రాను" అని తప్పుకుంటే, ఎవరి శిక్షణ పేలిందో సర్వర్‌కి తెలిసిపోతుంది.

4వ వారం: నాయిస్ ఎవరు కలపాలి

సర్వర్ కలిపితే సులువే. కానీ అప్పుడు నాయిస్ లేని మొత్తం సర్వర్ చేతిలో కాసేపైనా ఉంటుంది. అందుకే ప్రతి ఫోనూ తన వాటా నాయిస్ కలిపి పంపేలా చేశాం. 48 వాటాలు కలిస్తే z కి సరిపోయే నాయిస్ అవ్వాలి కాబట్టి ఒక్కో వాటా z × C ÷ √48.

ఇది అందరూ వస్తేనే నిలిచే లెక్క. ఒక రాత్రి ఏడుగురి ఫోన్లు ఛార్జింగు తీసేసి ఉంటే 41 వాటాలే కలుస్తాయి, z 3.09 నుంచి 2.86కి జారుతుంది. ఆ రౌండుకి మాటిచ్చిన రక్షణ లేనట్టే, పైకి మాత్రం ఏ తేడా కనిపించదు. 36 మందైనా వస్తేనే రౌండు తెరవాలని నిర్ణయించి, వాటాని z × C ÷ √36 చేశాం. అందరూ వచ్చిన రోజున నాయిస్ అవసరం కన్నా ఎక్కువ పడుతుంది, z 3.57 అవుతుంది, సగటులో నాయిస్ 1.46 అవుతుంది. ఆ ఖర్చు భరించాల్సిందే.

సగటు తీసేటప్పుడు ఎంతమంది వచ్చినా 48తోనే భాగించాలి. వచ్చినవాళ్ల సంఖ్యతో భాగిస్తే, ఒకరు రావడం రాకపోవడం మిగతా అందరి వాటానీ మారుస్తుంది, ఒకరి వల్ల మొత్తం ఎంత మారగలదన్న సున్నితత్వం లెక్క తప్పుతుంది.

5వ వారం: తోకలు తెగిన గంట

సెక్యూర్ అగ్రిగేషన్ పూర్ణాంకాల మీద నడుస్తుంది. ప్రతి జంట ఫోన్లూ మాస్కుగా ఒక రహస్య సంఖ్యను పంచుకుంటాయి. ఒకటి దాన్ని కలుపుతుంది, ఇంకొకటి తీసేస్తుంది, మొత్తంలో అన్నీ కొట్టుకుపోతాయి. అందుకని ప్రతి విలువనీ 4,096తో గుణించి, గుండ్రం చేసి, ఒక మాడ్యులస్‌లో పంపాలి. మాడ్యులస్ 16 బిట్లు పెట్టాం.

రౌండ్లు బాగానే నడిచాయి, మోడల్ మాత్రం కుదురుకోలేదు. సగటు అప్‌డేట్ విలువల హిస్టోగ్రాం గీస్తే విషయం తెలిసింది. గంట ఆకారం రావాలి కదా, వచ్చింది. కానీ ±0.167 దగ్గర రెండు తోకలూ కత్తితో కోసినట్టు ఆగిపోయాయి. దాని అవతల ఒక్క విలువ లేదు.

లెక్క చూస్తే కారణం చిన్నదే. 16 బిట్లలో ±32,768 దాకా పడుతుంది. 48 మందీ వచ్చిన రోజున మొత్తంలో నాయిస్ విచలనం 3.57 × 4,096, అంటే సుమారు 14,600. హద్దు 2.24 విచలనాల దూరంలోనే ఉంది. గాసియన్‌లో సుమారు 2.5 శాతం విలువలు దాని అవతల పడతాయి, 384లో దాదాపు 10. అవి అటు దాటి ఇటు వైపు నుంచి వ్యతిరేక గుర్తుతో తిరిగొస్తాయి. ప్రతి రౌండులో పది పారామీటర్లు తలకిందులవుతున్నాయన్నమాట. 0.167 ఎక్కడిదంటే, 32,768 ÷ 4,096 ÷ 48.

మాడ్యులస్ 20 బిట్లు చేస్తే హద్దు ±128కి వెళ్లింది. ఒకే పారామీటరు మీద అందరి సంకేతం కలిసి 48 అయినా ఇంకా 22 విచలనాల చోటు ఉంటుంది. ఒక్కో ఫోను పంపే తేడా 960 బైట్లు, మాస్కుల కోసం మార్చుకునే తాళంచెవులు దానికి అదనం. పూర్ణాంకాల మీద పనిచేస్తున్నప్పుడు గాసియన్‌ని గుండ్రం చేసి వదిలేయకూడదు. మొదటినుంచీ పూర్ణాంకాలిచ్చే డిస్క్రీట్ గాసియన్ వాడాలి, దాని గ్యారంటీ లెక్క వేరుగా ఉంది.

6వ వారం: బాగుపడిందని ఎలా తెలుస్తుంది

ఇది ఎవరూ ముందుగా ఆలోచించని చోటు. కొలవడం కూడా ఫోనులోని డేటాని వాడుకోవడమే కాబట్టి దానికీ నాయిస్, దానికీ బడ్జెట్.

ప్రతి ఫోనులో 100 చోట్ల పరీక్షించి, సరైన ముక్క మొదటి మూడు సూచనల్లో ఎన్నిసార్లు ఉందో పంపమందాం. ఒక మనిషి వల్ల మొత్తం 100 దాకా మారవచ్చు. z 5 పెడితే నాయిస్ 500. మొత్తం పరీక్షలు 4,800. అంటే కొలతలో 10.4 శాతం విచలనం. మోడల్ రెండు మూడు శాతం బాగుపడితే ఇందులో కనబడదు.

అడిగే ప్రశ్న మార్చాం. ఫోను తనలోనే పాత మోడల్ని, కొత్తదాన్ని అదే 100 చోట్ల నడిపి, ఎన్ని ఎక్కువ సరిగ్గా వచ్చాయో ఆ తేడాని మాత్రమే, ±10కి కుదించి పంపుతుంది. సున్నితత్వం 10, నాయిస్ 50, కొలతలో విచలనం 1.04 శాతం. ఖర్చు అంతే, ρ 0.02. పది రెట్లు స్పష్టమైన కొలత. ఇది కూడా రౌండు రౌండుకీ చూసుకునేది కాదు, చివర ఒక్కసారే. నాయిస్ వాటాలు, 36 నియమం దీనికీ వర్తిస్తాయి.

రౌండు మధ్యలో ఏం జరుగుతోందో చూడాలంటే ఖర్చులేని దారులు రెండు. బయటికి వచ్చిన B మాత్రికని నకిలీ ఫోన్ల పాఠ్యం మీద పరీక్షించడం, B పొడవు రౌండ్లతో ఎలా పెరుగుతోందో చూడటం. నాయిస్ మాత్రమే ఉంటే అది రౌండ్ల వర్గమూలం లెక్కన పెరుగుతుంది. నేర్చుకుంటుంటే అంతకన్నా నిటారుగా లేస్తుంది.

ఈ వారంలోనే ఇంకో చిన్న లీకు దొరికింది. యాప్ క్రాష్ అయినప్పుడు పంపే రిపోర్టులో, శిక్షణలో ఆఖరిగా వాడిన వాక్యం స్టాక్ ట్రేస్‌తో పాటు వెళ్తోంది. ε ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా ఆ ఒక్క లైను చాలు. శిక్షణ ప్రాసెస్‌కి క్రాష్ రిపోర్టులు పూర్తిగా ఆపేశాం.

7వ వారం: ఖాతా

రౌండుకి ρ 0.0525 చొప్పున 20 రౌండ్లకి 1.05, కొలతకి 0.02. మొత్తం 1.07, δ 10⁻⁵ దగ్గర ε 8.1. గూగుల్ 2022లో స్పానిష్ కీబోర్డు మోడల్‌కి ρ 0.81 ప్రకటించింది, δ 10⁻¹⁰ దగ్గర అది ε 8.9. రెండు ε లూ దగ్గరగా కనబడుతున్నాయని సంబరపడకూడదు, మన δ లక్ష రెట్లు వదులు. పోల్చాలంటే ρ ని పోల్చాలి.

12వ రౌండులో మొత్తం విప్పాక, మోడల్‌కి కలిపేలోపు సర్వర్ ఆగిపోయింది. రౌండుని మళ్లీ నడిపాం. ఖాతాలో అది రెండు రౌండ్లు. మొత్తం ఒకసారి బయటికొచ్చాక, దాన్ని వాడామా పారేశామా అన్నదానితో గ్యారంటీకి పనిలేదు. అందుకే 20కి బదులు 19 అప్‌డేట్లతోనే ఆపేశాం. ఇప్పుడు మొత్తాన్ని విప్పగానే డిస్క్‌కి రాసి, ఆ తర్వాతే కలిపేలా సర్వర్ కోడ్ మార్చాం.

ఇంకో 20 రౌండ్లు నడపమని అడుగుతున్నారు. అదే 48 మందితో నడిపితే, రెండో కొలతతో కలిపి ρ 2.14 అవుతుంది, ε 12 దాటుతుంది. సంతకం చేసిన పత్రంలో 8.1 అని ఉంది. కొత్త పత్రం రాసి మళ్లీ అడగాలి, లేదా కొత్త ఫోన్లు వెతకాలి. 200 దొరికితే అదే z తో ఒక్కో రౌండు సగటులో నాయిస్ 0.30కి దిగుతుంది, అప్పుడు A ని 16 వెడల్పు చేసి 1,536 పారామీటర్లు పెట్టినా 0.61 దగ్గరే ఉంటుంది. వెతకడం మొదలైంది.